సభ ఆమోదించిన బిల్లు చట్టమయ్యేది ఎప్పుడు? తరచుగా అడిగే ప్రశ్నలు

"బిల్లు పాసైంది" అనే వార్త చదవగానే రేపటి నుంచే కొత్త చట్టం వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. ఓటింగ్‌కు ముందు చాలా జరుగుతుంది. తర్వాత జరిగేదీ తక్కువేం కాదు. బిల్లు ఏ మెట్టు దగ్గర మారుతుందో, ఎక్కడ ఆగిపోతుందో భారత పార్లమెంటు పద్ధతిని ఆధారం చేసుకుని ఇక్కడ వివరించాం. కేంద్ర స్థాయిలో అవినీతి ఆరోపణలను విచారించే సంస్థే లోక్‌పాల్. దాన్ని ఏర్పాటు చేసే బిల్లు ఈ మెట్లలో చాలావాటి మీద తట్టుకుంటూ వెళ్లింది కాబట్టి దాన్నే చివరిదాకా ఉదాహరణగా తీసుకున్నాం.

బిల్లుకూ చట్టానికీ తేడా ఏమిటి?

బిల్లు ప్రతిపాదన మాత్రమే. దానికి ఎవరూ కట్టుబడి ఉండనక్కర్లేదు. రెండు సభలూ ఒకే పాఠాన్ని, అంటే అక్షరం పొల్లు పోకుండా ఒకే రూపాన్ని ఆమోదించి, రాష్ట్రపతి సంతకం చేస్తేనే అది చట్టమవుతుంది. బిల్లులో "క్లాజు" అనే దాన్నే చట్టంలో "సెక్షన్" అంటారు. అందుకే ఎవరైనా "క్లాజు 12" అన్నారంటే వాళ్లు ఇంకా బిల్లు గురించి మాట్లాడుతున్నారని లెక్క.

బిల్లును ఎవరు రాస్తారు?

ప్రభుత్వ బిల్లయితే సంబంధిత మంత్రిత్వ శాఖ ఏం కావాలో నిర్ణయిస్తుంది. న్యాయశాఖలోని ముసాయిదా నిపుణులు దాన్ని చట్టభాషలో పెడతారు. కేబినెట్ ఆమోదించాక సభకు వస్తుంది. మంత్రి కాని సభ్యులు కూడా బిల్లు పెట్టవచ్చు, దాన్ని ప్రైవేటు మెంబరు బిల్లు అంటారు. అలాంటివి చట్టంగా మారడం చాలా అరుదు. మన పార్లమెంటులో చివరిసారి అలా జరిగింది 1970లో.

బిల్లు ప్రతిలో క్లాజుల తర్వాత ఉండే పేజీలను చాలామంది తిప్పేస్తారు. నిజానికి ముందు చదవాల్సింది వాటినే. ఈ బిల్లు ఎందుకు తెస్తున్నారో ఉద్దేశాల ప్రకటనలో ఉంటుంది. ఖజానా మీద ఎంత భారం పడుతుందో ఆర్థిక వివరణ పత్రంలో ఉంటుంది. ఏయే విషయాలను సభ తాను తేల్చకుండా ప్రభుత్వం రాసే నిబంధనలకు వదిలేస్తోందో మరో పత్రంలో ఉంటుంది. ఈ మూడోది పొడుగ్గా ఉందంటే చట్టంలోని అసలు వివరాలు తర్వాత నోటిఫికేషన్ల ద్వారా వస్తాయన్నమాట.

"మూడు పఠనాలు" అంటే బిల్లును మూడుసార్లు చదువుతారా?

చదవరు. అచ్చు ప్రతులు అందరికీ అందని కాలంలో బిల్లును సభలో బిగ్గరగా చదివేవారు. ఆ పేరు అలా మిగిలిపోయింది. ఇప్పుడవి మూడు దశలు.

మొదటి పఠనం అంటే బిల్లును ప్రవేశపెట్టడం. సాధారణంగా దీనిమీద చర్చ ఉండదు. అయితే ఆ అంశం మీద చట్టం చేసే అధికారమే పార్లమెంటుకు లేదని ఎవరైనా అభ్యంతరం చెబితే దానిమీద పూర్తి చర్చకు స్పీకర్ అనుమతించవచ్చు. రెండో పఠనంలో రెండు భాగాలున్నాయి. ముందు బిల్లు మూలసూత్రం మీద చర్చ జరుగుతుంది, తర్వాత ఒక్కో క్లాజునూ పరిశీలిస్తారు. మూడో పఠనంలో మొత్తం బిల్లును ఆమోదించాలా వద్దా అన్నదే ప్రశ్న. అప్పటికి పాఠం ఖరారై ఉంటుంది కాబట్టి మాటల పొరపాట్లు దిద్దడం తప్ప పెద్ద సవరణలకు చోటుండదు.

టీవీలో ఎక్కువగా కనిపించేది మూలసూత్రం మీద జరిగే చర్చే. చట్టం రూపం మారేది మాత్రం కమిటీలోనూ, క్లాజుల వారీ పరిశీలనలోనూ.

బిల్లును కమిటీకి పంపడమంటే పక్కన పెట్టేయడమా?

కొన్నిసార్లు ఆలస్యం చేయడానికి పంపుతారన్నది నిజమే. కానీ బిల్లును వాక్యం వాక్యం విడదీసి చూసే అవకాశం మరెక్కడా అంతగా ఉండదు. శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు 1993 నుంచి పనిచేస్తున్నాయి. ఇప్పుడు 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది సభ్యులు: 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. అధికారులను పిలిచి ప్రశ్నిస్తారు, నిపుణుల నుంచి, సంస్థల నుంచి, మామూలు జనం నుంచి రాతపూర్వక అభిప్రాయాలు తీసుకుంటారు. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి. కెమెరా లేని చోట సభ్యులు పార్టీ గీత దాటి మాట్లాడటం ఎక్కువ.

ఒక బిల్లు కోసమే ప్రత్యేకంగా వేస్తే దాన్ని సెలెక్ట్ కమిటీ అంటారు. రెండు సభల సభ్యులతో వేస్తే సంయుక్త కమిటీ. ఏ కమిటీ సిఫార్సయినా సలహా మాత్రమే. ప్రభుత్వం ఒప్పుకుంటే అధికారిక సవరణలు తెస్తుంది. మార్పులు మరీ ఎక్కువైతే పాత బిల్లును వెనక్కి తీసుకుని కొత్తది పెడుతుంది. లోక్‌పాల్ విషయంలో అదే జరిగింది. 2011 ఆగస్టులో పెట్టిన బిల్లు మీద స్టాండింగ్ కమిటీ డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం ఆ బిల్లును వదిలేసి డిసెంబరు 22న లోక్‌పాల్, లోకాయుక్తల బిల్లు అనే కొత్తది ప్రవేశపెట్టింది. లోకాయుక్త అంటే రాష్ట్ర స్థాయిలో అదే పని చేసే సంస్థ.

క్లాజుల వారీ పరిశీలనలో సభలో ఏం జరుగుతుంది?

చూడటానికి ఇది యంత్రం తిరుగుతున్నట్టు ఉంటుంది. స్పీకర్ "క్లాజు 2 బిల్లులో భాగం కావాలన్నది ప్రశ్న" అంటారు. అవునన్నవాళ్లు, కాదన్నవాళ్లు గొంతు వినిపిస్తారు. సవరణలేవీ లేని క్లాజులను కలిపి "3 నుంచి 9 వరకు" అని ఒక్కసారే ఓటుకు పెడతారు. పెద్ద బిల్లయినా కొన్ని నిమిషాల్లో ముగిసిపోవడం మీరు చూసి ఉంటారు. దానికి కారణం ఇదే.

సవరణ నోటీసులు చాలా పొట్టిగా ఉంటాయి. "పేజీ 3, పంక్తి 14లో 'చేయవచ్చు' అన్నచోట 'చేయాలి' అని చదువుకోవాలి" అన్నట్టు. మాట ఒకటే అయినా తేడా చాలా పెద్దది. "చేయవచ్చు" అంటే అధికారి ఇష్టం. "చేయాలి" అంటే బాధ్యత, చేయకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. బిల్లు మీద నిజంగా పట్టున్న సభ్యులను గుర్తించాలంటే వాళ్ల ప్రసంగం కంటే వాళ్లిచ్చిన సవరణల పట్టిక చూడటం మేలని మా అభిప్రాయం.

మొదటి క్లాజును చివర్లో తీసుకుంటారు. బిల్లు పేరు, సంవత్సరం అందులోనే ఉంటాయి. మిగతా క్లాజుల్లో జరిగిన మార్పులను బట్టి పేరు మారవచ్చు, ఏళ్లు గడిస్తే సంవత్సరమూ మారాలి. "భారత గణతంత్రపు ఫలానా సంవత్సరంలో పార్లమెంటు ఈ చట్టం చేసింది" అనే వాక్యానికీ ఇదే వర్తిస్తుంది. 2011లో పెట్టిన లోక్‌పాల్ బిల్లు 2013 డిసెంబరులో గట్టెక్కింది. అందువల్ల దాని పేరు "చట్టం, 2013" అయింది, గణతంత్రపు సంవత్సరం 64వది అయింది. రాష్ట్రపతి సంతకం 2014 జనవరి 1న జరిగింది కాబట్టి చట్టం సంఖ్య మాత్రం "2014లో 1వది". పేరులో ఒక ఏడు, సంఖ్యలో ఇంకో ఏడు ఉన్నాయంటే అది అచ్చుతప్పు కాదు.

మూజువాణి ఓటు చాలా? ఎంతమంది ఓటేయాలి?

మామూలు బిల్లుకు ఆ సమయంలో సభలో ఉండి ఓటేసినవారిలో సగానికి మించి చాలు. మొత్తం సభ్యుల్లో సగం అవసరం లేదు. కోరం మాత్రం ఉండాలి, అంటే మొత్తం సభ్యుల్లో పదోవంతు. 543 మంది ఉన్న లోక్‌సభలో 55 మంది.

గొంతుల్ని బట్టి స్పీకర్ చెప్పిన ఫలితాన్ని ఏ సభ్యుడైనా సవాలు చేసి డివిజన్ కోరవచ్చు. అప్పుడు లాబీలు ఖాళీ చేయించి గంట మోగిస్తారు. లోక్‌సభలో మూడున్నర నిమిషాల వ్యవధి ఇస్తారు. ఆ తర్వాత తలుపులు మూసి ఓట్లు నమోదు చేస్తారు. ఎవరు ఎటు ఓటేశారో పేరుతో సహా రికార్డులోకి ఎక్కేది డివిజన్ జరిగితేనే. మూజువాణిలో బిల్లు నెగ్గితే మీ ఎంపీ ఓటు ఎటు పడిందో చూపే కాగితం ఎక్కడా ఉండదు.

రాజ్యాంగ సవరణ బిల్లు లెక్క వేరు. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు రావాలి, అది మొత్తం సభ్యత్వంలో సగాన్ని కూడా దాటాలి. 2011 డిసెంబరు 27న లోక్‌సభలో ఈ తేడా కళ్లకు కట్టింది. లోక్‌పాల్ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. అదే రోజు లోక్‌పాల్‌కు రాజ్యాంగ హోదా ఇచ్చే సవరణ బిల్లు ఓడిపోయింది. అప్పటి సభ మొత్తం సంఖ్య 545, కావాల్సింది కనీసం 273. సభలో ఉన్న మద్దతు అంత లేదు.

రెండో సభ బిల్లును మారిస్తే ఏమవుతుంది?

బిల్లు మొదటి సభకు తిరిగి వస్తుంది. మొదటి సభ బిల్లు మొత్తాన్ని మళ్లీ తవ్వదు. రెండో సభ చేసిన మార్పుల వరకే చర్చిస్తుంది. ఒప్పుకుంటే ఆ రోజుతో రెండు సభల పాఠం ఒకటైనట్టే. ఒప్పుకోకపోతే మళ్లీ అటు పంపుతుంది.

లోక్‌పాల్ బిల్లు రాజ్యసభకు వచ్చాక సభ్యులు 187 సవరణలు ఇచ్చారు. రాజ్యసభలో అప్పటి ప్రభుత్వానికి సొంత బలం చాలలేదు. 2011 డిసెంబరు 29న అర్ధరాత్రి దాకా చర్చ సాగి, ఓటింగ్ జరగకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది. పెద్ద అభ్యంతరాల్లో ఒకటి రాష్ట్రాల గురించి. రాష్ట్రాల్లో లోకాయుక్త ఎలా ఉండాలో కేంద్ర చట్టమే వివరంగా రాయడం రాష్ట్రాల హక్కుల్లోకి చొరబడటమేనని పలు పార్టీలు పట్టుబట్టాయి.

2012 మే నెలలో రాజ్యసభ బిల్లును 15 మంది సెలెక్ట్ కమిటీకి పంపింది. నవంబరులో నివేదిక వచ్చింది. చివరికి లోకాయుక్తల భాగాన్ని దాదాపు పూర్తిగా తీసేసి, చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిలోగా ప్రతి రాష్ట్రం తన చట్టం ద్వారా లోకాయుక్తను ఏర్పాటు చేసుకోవాలని ఒక్క సెక్షన్‌లో చెప్పారు. అది ఇప్పటి 63వ సెక్షన్. అలా మారిన బిల్లును 2013 డిసెంబరు 17న రాజ్యసభ, మర్నాడు లోక్‌సభ ఆమోదించాయి. లోక్‌సభకు ఒక్క రోజే పట్టడానికి కారణం, తన ముందున్నవి రాజ్యసభ మార్పులు మాత్రమే కావడం.

రెండు సభలూ పంతానికి పోతే?

ఒక సభ ఆమోదించిన బిల్లును రెండో సభ తిరస్కరించినా, సవరణల మీద రెండూ రాజీపడకపోయినా, ఆరు నెలలు దాటినా తేల్చకపోయినా రాష్ట్రపతి ఉభయసభల సంయుక్త సమావేశం పిలవవచ్చు. ఇప్పటిదాకా మూడు బిల్లుల కోసమే పిలిచారు: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధం. లోక్‌పాల్ విషయంలో ఆరు నెలలు ఎప్పుడో దాటినా ఆ దారి పట్టలేదు. రాజ్యాంగ సవరణ బిల్లుకు ఈ దారి అసలే లేదు.

బ్రిటన్‌లో సంయుక్త సమావేశం అనే పద్ధతి లేదు. 1911, 1949 పార్లమెంటు చట్టాల ప్రకారం ఎగువసభ మామూలు బిల్లును సుమారు ఏడాది ఆపగలదు. తర్వాత దిగువసభ మాటే చెల్లుతుంది.

ద్రవ్య బిల్లు అంటే ఎందుకు అంత గొడవ?

ఎందుకంటే దానిమీద రాజ్యసభ చేతిలో ఉన్నది 14 రోజులే. సిఫార్సులు చేయగలదు, అడ్డుకోలేదు. గడువు దాటితే లోక్‌సభ పంపిన రూపంలోనే ఆమోదం పొందినట్టు లెక్క. పన్నులు, అప్పులు, ఖజానా నుంచి ఖర్చు వంటి అంశాలు మాత్రమే ఉంటేనే ద్రవ్య బిల్లు. ఆ "మాత్రమే" అనే మాట మీదే వాదాలన్నీ. ఏది ద్రవ్య బిల్లో ధ్రువీకరించేది స్పీకర్. మామూలు అంశాలను ద్రవ్య బిల్లులో చేర్చారని ఆరోపణ వస్తే, రెండో సభ పరిశీలన తప్పించారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఎన్నికలొస్తే పెండింగ్ బిల్లుల గతి ఏమిటి?

సమావేశాలు ముగిస్తే బిల్లుకు ఏమీ కాదు. లోక్‌సభ రద్దయితేనే ప్రమాదం. లోక్‌సభలో పెండింగ్‌లో ఉన్నవి, లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో ఆగినవి మురిగిపోతాయి. రాజ్యసభలోనే మొదలై ఇంకా లోక్‌సభకు చేరనివి బతికే ఉంటాయి. దీర్ఘకాలం పడుతుందనుకునే బిల్లులను రాజ్యసభలో మొదలుపెట్టడం వెనుక ఈ లెక్క కూడా ఉంటుంది.

లోక్‌పాల్‌కు ఇది పాత దెబ్బే. 1969లో లోక్‌సభ ఒక లోక్‌పాల్ బిల్లును ఆమోదించింది. అది రాజ్యసభలో ఉండగా 1970 చివర్లో లోక్‌సభ రద్దయి, బిల్లు పోయింది. 2013 డిసెంబరులో రాజ్యసభ తేల్చకపోయి ఉంటే, 2014 ఎన్నికలతో మళ్లీ అదే జరిగేది.

రాష్ట్రపతి సంతకం పెట్టకపోవచ్చా?

ఆమోదించవచ్చు, ఆమోదం నిలిపివేయవచ్చు, లేదా ద్రవ్య బిల్లు కాకపోతే పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. సభలు మళ్లీ ఆమోదించి పంపితే, మార్పులు చేసినా చేయకపోయినా, రాష్ట్రపతి నిలిపివేయడానికి వీల్లేదు. 2006లో ఆదాయపదవుల బిల్లును అబ్దుల్ కలాం తిప్పి పంపారు, సభలు తిరిగి ఆమోదించాయి, ఆయన సంతకం చేశారు.

రాజ్యాంగంలో ఒక ఖాళీ ఉంది. ఎన్ని రోజుల్లో తేల్చాలో 111వ అధికరణ చెప్పదు. 1986లో తపాలా సవరణ బిల్లు మీద జైల్ సింగ్ ఆమోదమూ తెలపలేదు, తిప్పీ పంపలేదు. ఆ బిల్లు ఎన్నడూ చట్టం కాలేదు.

సంతకం అయింది, గెజిట్‌లో వచ్చింది. ఇక అమల్లో ఉన్నట్టేనా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. చట్టం తన అమలు తేదీ గురించి ఏమీ చెప్పకపోతే సంతకం రోజు నుంచే అమల్లోకి వస్తుంది. కానీ చాలా చట్టాల మొదటి సెక్షన్‌లో "కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి" అని ఉంటుంది. ఆ నోటిఫికేషన్ రాకపోతే చట్టం పుస్తకంలోనే ఉంటుంది. 1995లో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఢిల్లీ అద్దె చట్టాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఎన్నడూ రాలేదు.

ప్రభుత్వం చేతికి తేదీ వదలకుండా చట్టంలోనే రాయడం ఇంతకంటే మంచి పద్ధతి. సమాచార హక్కు చట్టం అలా చేసింది. సమాచార అధికారులను నియమించడం వంటి ఏర్పాట్లకు సంబంధించిన సెక్షన్లు 2005 జూన్‌లో వెంటనే అమల్లోకి వచ్చాయి. మిగతావి 120వ రోజున వస్తాయని చట్టమే చెప్పింది. ఎవరి సంతకం కోసమూ ఆగకుండా అక్టోబరు 12న వచ్చాయి.

అమల్లోకి వచ్చాక కూడా చట్టం పనిచేయకపోవడం ఉంటుందా?

ఉంటుంది. లోక్‌పాల్ చట్టం 2014 జనవరి 16న అమల్లోకి వచ్చింది. తొలి లోక్‌పాల్ నియామకం జరిగింది 2019 మార్చిలో. మధ్యలో ఐదేళ్లు పోవడానికి చట్టంలోని ఒక్క మాట కారణంగా చూపారు. ఎంపిక కమిటీలో లోక్‌సభ ప్రతిపక్ష నేత సభ్యుడని చట్టం రాసింది. 2014 ఎన్నికల తర్వాత ఏ ప్రతిపక్షానికీ సభలో పదోవంతు బలం రాలేదు, ప్రతిపక్ష నేతగా ఎవరికీ గుర్తింపు దక్కలేదు. "ప్రతిపక్ష నేత లేకపోతే అతిపెద్ద ప్రతిపక్షం నాయకుడు" అన్న మాట చట్టంలో లేదు. దానికోసం సవరణ బిల్లు తెచ్చి, అది తేలేదాకా ఆగాలన్నది ప్రభుత్వ వాదన.

2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. 4వ సెక్షన్‌లోనే మరో ఉపసెక్షన్ ఉంది: కమిటీలో ఖాళీ ఉన్నంతమాత్రాన నియామకం చెల్లకుండా పోదు. కాబట్టి ఉన్న చట్టంతోనే నియామకం చేయవచ్చని కోర్టు చెప్పింది. ఒక పదవిలో ఎవరూ లేకపోతే ఏం చేయాలన్న ప్రశ్న క్లాజుల పరిశీలన నాడే అడిగి ఉంటే ఒక్క పంక్తి సవరణతో తేలిపోయేది.

ఒక బిల్లు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో ఎలా చూసుకోవాలి?

`sansad.in` లో బిల్లు పేరుతో వెతికితే ప్రవేశపెట్టిన తేదీ, కమిటీ నివేదిక, రెండు సభల తేదీలు కనిపిస్తాయి. ఒకే బిల్లుకు మూడు ప్రతులు ఉండవచ్చు: ప్రవేశపెట్టినది, ఒక సభ ఆమోదించినది, రెండు సభలూ ఆమోదించినది. పాత ప్రతి చదివి వాదనకు దిగడం తరచూ జరిగే పొరపాటు. కనుక పై పేజీ మీద ఏమని ఉందో ముందు చూడండి. సంతకం అయిన చట్టం, అమలు తేదీ నోటిఫికేషన్, నిబంధనలు `egazette.gov.in` లో వస్తాయి. తర్వాతి సవరణలు కలిపిన పాఠం కావాలంటే `indiacode.nic.in` చూడాలి. చట్టం చేతికి రాగానే మొదటి సెక్షన్‌లో అమలు తేదీ ఎలా రాశారో చదవండి. "నోటిఫికేషన్ ద్వారా" అని ఉంటే గెజిట్‌లో ఆ నోటిఫికేషన్ వెతకండి. అది కొన్ని సెక్షన్లకే వర్తిస్తుందా, మొత్తానికా అన్నది అందులోనే రాసి ఉంటుంది.